మంత్రి మార్పిడికి ముందస్తు అనుమతి

నీటి సరఫరా విభాగంలో కొళాయి రాకపోయినా ఎవరూ కంగారు పడరు. సర్క్యులర్ రాకపోతే మాత్రం ఏదో కొంప మునిగిందని అర్థం. అందుకని ఆ ఉదయం నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించగానే అందరూ టీ గ్లాసులతో సహా అక్కడికి చేరారు.

"శాఖల మధ్య జరుగు చదరంగం పోటీలలో పాల్గొను మన విభాగ క్రీడాకారులు, పై అధికారి ముందస్తు అనుమతి లేనిదే, తమ మంత్రిని ప్రత్యర్థి మంత్రితో మార్పిడి చేయరాదు. ఉల్లంఘించిన వారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

కింద పెద్దసారు సంతకం. ఆ సంతకం ఎంత పొడుగ్గా ఉంటుందంటే, కాగితం చివర ఆగకపోతే గోడ మీదికి కూడా పాకేది.

చదరంగంలో ఆ పావును క్వీన్ అనేవాళ్ళున్నారు, రాణి అనేవాళ్ళున్నారు. పెద్దసారుకు మాత్రం అది మంత్రి. ఆయన ఉద్యోగ జీవితంలో మంత్రి అనే మాటకున్న బరువు ఇంకే మాటకూ లేదు. ఒకసారి పైన మంత్రి మారితే ఈయన ఎక్కడో ఆనకట్ట దగ్గర, పలకరించే దిక్కులేని క్వార్టర్సులో రెండేళ్ళు పడి ఉండాల్సి వచ్చింది. అప్పటినుంచి మంత్రి మారడం అనే ఆలోచనకే ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. హోదా రీత్యా చదరంగం జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. పోయినేడు జట్టు ఓడిపోయినప్పుడు ఆయన కారణం కనుక్కున్నారు. రెండు బోర్డుల మీద మంత్రులు మారాయని ఎవరో చెప్పారు. ఇంకేముంది, రోగం దొరికింది, మందు టైపు చేయించారు.

ఆ కాగితం చదివినవాళ్ళలో మ్యాపులమ్మ ఉంది. ఆమె డ్రాయింగ్ సెక్షన్లో పనిచేస్తుంది. ఊళ్ళో ఏ వీధి కింద ఏ పైపు ఎటు వంగిందో గీసేది ఆమే కాబట్టి ఆ పేరు స్థిరపడింది. జట్టులో నాలుగో బోర్డు ఆమెది. ఆఫీసు మొత్తంలో ఆట నిజంగా వచ్చినవాళ్ళు ఇద్దరే, ఆమె, పంపుహౌసు ఆపరేటరు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు, పెద్దసారు కూడా. మిగతా ఇద్దరూ జట్టులో ఉన్నది ఆట కోసం కాదు, బదిలీల కోసం.

అసలు సంగతి అదే. కప్పు గెలిచిన జట్టుకు మూడేళ్ళపాటు బదిలీ మినహాయింపు ఉంటుంది. గెలవకపోతే మామూలే, వేసవి రాగానే జాబితా వస్తుంది, పెట్టెలు సర్దుకోవాలి.

మ్యాపులమ్మ ఇప్పటికే చాలాసార్లు సర్దింది. ఆమె భర్త ఇదే ఊళ్ళో విద్యుత్ శాఖలో మీటర్ల సెక్షన్లో గుమాస్తా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఒక ఊరు, ఆమె ఒక ఊరు. కూతురికి మాటలొచ్చాక తండ్రిని చాలాకాలం "ఆదివారం నాన్న" అని పిలిచింది. వాళ్ళు అది విని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అయిపోయాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు. నిరుడు ఎలాగో ఒకే ఊళ్ళో పడ్డారు. ఈ ఏడు జాబితాలో ఆమె పేరుందని ఆఫీసంతా గుసగుస. అందుకని ఆమెకు కప్పు కావాలి. వెండిదైనా, ఇత్తడిదైనా, ఆఖరికి ప్లాస్టిక్‌దైనా సరే.

సర్క్యులర్ మీద సందేహాలుంటే అడగమని పెద్దసారు సమావేశం పెట్టారు. సందేహాలు అడగరని నమ్మకం ఉన్నప్పుడే ఆయన అలాంటి సమావేశాలు పెడతారు. మ్యాపులమ్మ లేచి నిలబడింది.

"సార్, ఆట మధ్యలో అనుమతి ఎలా తీసుకోవాలి? ఎవరితోనూ మాట్లాడకూడదు కదా. కెప్టెన్ సలహా చెబితే ఆట పోయినట్టే."

"అందుకేనమ్మా ముందస్తు అన్నాం."

"ఆట ఎలా వస్తుందో ముందే తెలీదు కదా సార్."

"తెలియనిదానికి అనుమతి అడగడం ఎందుకు?" అన్నారు పెద్దసారు. పక్కనున్న సూపరింటెండెంటు ఆ జవాబుకు తల పంకించి, మినిట్స్‌లో రాసుకున్నాడు.

మ్యాపులమ్మ కూర్చోలేదు. "సార్, మార్చడం మంచిదా కాదా అన్నది ఆటను బట్టి ఉంటుంది. మనకి ఒక బంటు ఎక్కువుండి, మన రాజు ముందు కాపలా లేకుండా పోయిందనుకోండి. అప్పుడు ఎదుటివాడి చేతిలో ఉన్న పెద్ద ఆయుధం మంత్రే. అది బోర్డు మీదనుంచి పోతే మన రాజుకి భయం పోతుంది, మన బంటు మనకి మిగులుతుంది."

"మన మంత్రీ పోతుందిగా?"

"పోతుంది సార్."

"మంత్రి లేకుండా ప్రభుత్వం నడుస్తుందా?"

దానికి జవాబు ఉన్నా ఆ గదిలో చెప్పేది కాదు. ఆమె కూర్చుంది. బయటికొచ్చాక బాబాయి, "నీకెందుకే అమ్మా ఈ గొడవ? మనం ఆడేది అక్కడ, ఈయన కూర్చునేది చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడుకి అవతల" అన్నాడు. అలా అన్నవాడే ఆ కాగితానికి అందరికంటే ఎక్కువ భయపడ్డాడు. రిటైర్మెంటు దగ్గర పడినవాడికి శాఖాపరమైన చర్య అంటే పెన్షన్ కళ్ళ ముందు కదులుతుంది.

ఫైనల్ విద్యుత్ శాఖ సమావేశ మందిరంలో. కప్పు ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి ఆతిథ్యం కూడా వాళ్ళదే. ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతున్నాయి, బిల్లు కట్టేది వాళ్ళు కాదుగా. నాలుగు బల్లలు, నాలుగు బోర్డులు, చుట్టూ తాడు. తాడుకి ఇవతల పెద్దసారు మొదటి వరసలో, ఆయన పక్కన విద్యుత్ శాఖ అధికారి. వెనక వరసల్లో మ్యాపులమ్మ భర్త. వాళ్ళ శాఖ గెలిస్తే చప్పట్లు కొట్టమని ఆయనకు ఆదేశం, భార్య గెలవాలని మొక్కు. రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని ఏ చెయ్యి ఎవరిదో తేల్చుకోలేని మనిషిలా కూర్చున్నాడు.

ఆర్బిటరు, అంటే ఆట న్యాయనిర్ణేత, ఒక పెద్దావిడ. తెల్ల చీర, మెడలో తాడుకి కట్టిన గడియారం. గొంతు పెంచాల్సిన అవసరం జీవితంలో ఎన్నడూ రాని మనిషిలా ఉంది. "ఆట నడుస్తుండగా సైగలు, దగ్గులు, గొణుగుళ్ళు ఏవీ ఉండకూడదు. సలహా అందుకున్నట్టు తేలితే ఆ బోర్డు ఓడినట్టు రాస్తాను. బహుమతులు ఇచ్చేదాకా ఫిర్యాదు చేసుకోవచ్చు" అంది. పెద్దసారు అప్పుడే ఒక దగ్గు మొదలుపెట్టబోయి మింగేశారు.

ముందుగా బాబాయి ఆట ముగిసింది. ఆయన ఒక గుర్రం ఆధిక్యంలో ఉన్నాడు. రాజు మాత్రం మధ్యలో ఇరుక్కుపోయింది. ఎదుటివాడు మంత్రిని ఎదురుగా తెచ్చి పెట్టాడు, మార్చుకుంటే చాలు, బాబాయి గుర్రం బతికి గెలిచేది. బాబాయి తాడు వైపు ఒకసారి చూశాడు. తరవాత తన మంత్రిని మూలకు తప్పించాడు. ఇంకో నాలుగు ఎత్తుల్లో రాజుకి నడవడానికి గడి లేకుండా పోయింది. ఉత్తర్వు ప్రకారం ఓడిపోయాడు. ఆయన లేచి వస్తుంటే పెద్దసారు భుజం తట్టి, "మంత్రిని కాపాడావు, అది చాలు" అన్నారట. పాపం బాబాయి ఆ మాటను ఆ తరవాత చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మొదటి బోర్డులో నీటి సరఫరా వాడే గెలిచాడు, ఎలా గెలిచాడో అతనికే తెలియదు. ఎదుటివాడు ఏనుగును గమనించకుండా వదిలేశాడు. మూడో బోర్డు డ్రా. లెక్క సమానం. మ్యాపులమ్మ ఆట మిగిలింది. ఆమె డ్రా చేసినా మ్యాచ్ సమానమే, సమానమైతే కప్పు పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది. అంటే ఆమె గెలిచి తీరాలి.

ఎదురుగా కూర్చున్నవాణ్ణి వాళ్ళ శాఖలో ఫ్యూజు అంటారు. చేతికందింది ఏదైనా వెంటనే కొట్టేసే అలవాటు. కొట్టాక ఆలోచిస్తాడు. మంచి మనిషే, ఆట మొదలయ్యేముందు ఆమెకు పెన్ను కూడా ఇచ్చాడు.

ఆమె తెల్లవి ఆడుతోంది. మధ్య ఆటలో మూడు బంట్లు కొట్టింది, వాటికోసం తన రాజు ముందున్న రెండు బంట్లనూ పోగొట్టుకుంది. అత్యాశ అని అప్పుడే తెలుసు. అయినా కొట్టింది, బంటంటే బంటే. ఇప్పుడు బోర్డు మీద ఇద్దరికీ మంత్రి, ఒక్కో ఏనుగు, బంట్లు ఆమెకు అయిదు, అతనికి నాలుగు. ఆమె బంట్లలో ఒకటి మధ్య వరసలో ముందుకొచ్చి ఉంది. దాని దారిలో గానీ పక్క వరసల్లో గానీ ఎదుటివాడి బంటు ఒక్కటీ లేదు, దాని వెనకే ఆమె ఏనుగు. ఇదంతా బాగానే ఉంది. ఆమె రాజు మాత్రం ముందుగది తలుపులు ఊడిపోయిన ఇంట్లో ఉన్నట్టుంది, పక్కన ఒక్క అంచు బంటు తప్ప.

ఫ్యూజు తన మంత్రిని రాజు వరసలోకి తెచ్చి, "చెక్" అన్నాడు. చెక్ అని నోటితో చెప్పాల్సిన పనిలేదు. అతనికి చెప్పకపోతే తృప్తి ఉండదు.

మ్యాపులమ్మకు రెండు దారులున్నాయి. ఒకటి, రాజును పక్కకు జరపడం. అప్పుడు మంత్రులు రెండూ ఉంటాయి. తెరుచుకున్న వరసలో అతని ఏనుగు కిందికి దిగి ఆమె అంచు బంటు మీద పడుతుంది, వెనకాలే మంత్రి వస్తుంది. ఆమె తన మంత్రితో అతని రాజుకి చెక్ చెప్పి ఆ ఏనుగును వెనక్కి రప్పించవచ్చు. అది మళ్ళీ వస్తుంది, ఈమె మళ్ళీ చెక్ చెబుతుంది. అలా తిరుగుతూ పోతే డ్రా. ఎక్కడైనా ఒక్క గడి తప్పు లెక్కేస్తే మేట్, ఇంకేం ఉండదు. డ్రా అయినా కప్పు పోతుంది, ఓడినా పోతుంది. ఒకవేళ అతను పొరపాటు చేస్తే ఆమె గెలవచ్చు. ఆ "ఒకవేళ" మీద కూతురి ఆదివారాలు పెట్టాలా?

రెండోది, తన మంత్రిని రాజు ముందు అడ్డుపెట్టడం. అతని మంత్రికి సరిగ్గా ఎదురుగా. అతను కొడితే ఆమె రాజుతో కొడుతుంది. మంత్రులు రెండూ పోతాయి. ఏనుగూ బంట్లూ మిగులుతాయి.

మార్చితే చాలు, గెలిచినట్టే అనుకునేవాళ్ళు క్లబ్బుల్లో చాలామంది ఉంటారు. ఆమెకు అంత ధీమా లేదు. ఏనుగులు మిగిలిన ఆటల్లో ఒక్క బంటు ఎక్కువుంటే చాలాసార్లు డ్రానే. అందుకే తొందరపడకుండా, మంత్రులు లేని బోర్డును మనసులో గీసుకుంది. గీతలు గీయడం ఆమె పనేగా. రాజు అప్పుడు అడుగు ముందుకు వచ్చి ఉంటుంది, దాక్కోవలసిన పనే ఉండదు, అదే పోరాటానికి దిగుతుంది. మధ్య బంటు వెనక ఏనుగు ఉంటుంది, బంటు ఎంత ముందుకు వెళితే అతని ఏనుగు అంత ఇరుక్కుంటుంది. రెండో పక్క ఆమె మూడు బంట్లు అతని రెండింటిమీద. గెలుపు రాసిపెట్టి లేదు. కానీ ఇక్కడినుంచి గెలవగలిగింది ఆమె ఒక్కతే, అతను డ్రా కోసం చెమటోడ్చాలి. రాజు బయట ఉన్నప్పుడు ఇద్దరికీ భయం ఉండే ఆటకంటే, ఒకరికే భయం ఉండే ఆట మేలు.

మరి అతను కొట్టకుండా తప్పించుకుంటే? పక్కనుంచి ఏటవాలుగా చెక్ చెప్పవచ్చు. అప్పుడు ఆమె బంటు ఒక అడుగు వేసి అడ్డం నిలబడుతుంది, దాని వెనక ఇంకో బంటు కాపలా ఉంది, అతని మంత్రే మళ్ళీ పారిపోవాలి. ఈలోగా ఆమె మంత్రి రాజు పక్కనే కాపలా కూర్చుని ఉంటుంది. ఎటు చూసినా నష్టం లేదు.

బోర్డు మీద నష్టం లేదు. తాడుకి అవతలే ఉంది.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే పెద్దసారు మొహం కనిపిస్తుంది, ఆ మొహం కనిపిస్తే బాబాయిలాగే తన చెయ్యి కూడా మూలకు పోతుంది. సర్క్యులర్ మాటలు గుర్తు తెచ్చుకుంది. మార్పిడి చేయరాదు. సరే, నేను చేయను. నా మంత్రిని నా రాజు పక్కన పెట్టుకుంటాను, అంతే. అతను కొడితే అది అతను చేసిన మార్పిడి. రాజు మీదికొచ్చిన మంత్రిని కొట్టకుండా వదిలేయమని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆఫీసుల్లో పదకొండేళ్ళు కూర్చున్నందుకు ఆ మాత్రం తెలివి అబ్బింది ఆమెకు.

మంత్రిని జరిపి రాజు ముందు పెట్టింది. గడియారం నొక్కింది.

తాడుకి అవతల కుర్చీ కిర్రుమంది. పెద్దసారు లేచి నిలబడ్డారు. ఆర్బిటరు వేలు కిందికి చూపించింది. ఆయన కూర్చున్నారు. మొహం మాత్రం నిలబడే ఉంది.

ఫ్యూజు చెయ్యి అప్పటికే గాల్లో ఉంది. ఎదురుగా మంత్రి కనిపిస్తే ఆగడం అతని వల్ల కాదు. టక్కున కొట్టాడు. ఆమె రాజుతో కొట్టింది. రెండు మంత్రులూ బల్ల అంచున పక్కపక్కనే పడుకున్నాయి. ఫ్యూజు వాటిని చూసి, బోర్డు చూసి, మళ్ళీ వాటిని చూసి, "అరె" అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆ తరవాత ఆట సాగింది, సాగుతూనే ఉంది. చూసేవాళ్ళు ఆవలించారు, కొందరు టీకి వెళ్ళొచ్చారు. మధ్య బంటు అడుగడుగునా కదిలింది. రాజు దానికి తోడుగా నడిచింది. అతని ఏనుగు పక్కనుంచి చెక్కులు చెప్పింది, రాజు వాటిని దాటుకుంటూ బంటు పక్కకు చేరింది. బంటు చివరి గడికి ఒక అడుగు దూరంలో ఉండగా ఫ్యూజు చెయ్యి చాచాడు. "బాగా ఆడారు మేడమ్. ఆ మంత్రిని నేను కొట్టకుండా ఉండాల్సింది."

"కొట్టకపోయినా కష్టమే సార్," అంది ఆమె. అది గొప్ప కాదు, నిజం.

వెనక వరసలో చప్పట్లు వినిపించాయి. ఎవరివో ఆమెకు తెలుసు. పాపం రెండు చేతులూ ఒక్క పక్కకే వచ్చేశాయి.

పెద్దసారు చప్పట్లు కొట్టలేదు. ఆయన దగ్గరికొచ్చి, దంతాల మధ్యనుంచి, "సోమవారం సంజాయిషీ ఇవ్వాలి" అన్నారు. కప్పు గెలిచామని ఎవరో గుర్తు చేస్తే, "గెలవడం వేరు, క్రమశిక్షణ వేరు" అన్నారు.

అదే సమయానికి ముఖ్య అతిథి కమిషనర్ వచ్చారు. ఆయన కాలేజీ రోజుల్లో ఆడినవాడు. నాలుగో బోర్డు ఆట కాగితం తెప్పించుకుని చూసి మైకు ముందుకొచ్చారు. "ఈ మ్యాచ్‌ని గెలిపించింది ఒక్క ఎత్తు. ఒక బంటు ఆధిక్యం, రాజు బయట, అలాంటప్పుడు ధైర్యంగా మంత్రుల్ని మార్చారు చూడండి, అదీ ఆలోచన అంటే. ఎవరిదో గానీ, నేను అభినందిస్తున్నాను."

పెద్దసారు మొహంలో అప్పుడు జరిగింది చూడాలి. సంజాయిషీ అంతా కరిగిపోయి, చెంపలమీద వెలుగు వచ్చింది. కమిషనర్ అభినందన గాల్లో తేలుతూ ఉంటే అది పక్కవాడి మీద పడకముందే పట్టుకోవాలి కదా. ఆయన మైకు అందుకున్నారు.

"సార్, మా విభాగంలో మంత్రి విషయంలో ప్రతి నిర్ణయం నా దృష్టికి వచ్చాకే జరుగుతుంది. ఆ క్షణంలో కూడా మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కళ్ళతోనే అనుమతి ఇచ్చాను."

సభ చప్పట్లు కొట్టింది. ఆర్బిటరు కొట్టలేదు. ఆవిడ లేచి నిలబడింది. విద్యుత్ శాఖ అధికారి కూడా లేచాడు, మొహంలో పండగ. "మేడమ్, బహుమతులు ఇంకా ఇవ్వలేదు. మేము ఫిర్యాదు చేస్తున్నాం. కళ్ళతో సలహా ఇచ్చినట్టు కెప్టెనే ఒప్పుకున్నారు."

హాలు చల్లబడిపోయింది. పెద్దసారుకు తను ఏమన్నారో చెవులకు ఆలస్యంగా చేరింది. మైకు ఆయన చేతిలో ఉన్నట్టుండి బరువెక్కింది.

ఆర్బిటరు మ్యాపులమ్మను పిలిచింది. "అమ్మా, నిజం చెప్పు. ఆయన నీకు సైగ చేశారా?"

అవునంటే ఆట పోతుంది, కప్పు పోతుంది, వేసవికి పెట్టె సర్దాలి. కాదు, ఆయన వద్దన్నారు, నేనే ఆడాను అంటే ఆట నిలుస్తుంది, కమిషనర్ ముందు పెద్దసారు అబద్ధాలకోరు అవుతారు, బదిలీ జాబితా ఆయన బల్ల మీదే ఉంటుంది. మినహాయింపులో ఒక్క పేరు తప్పించడానికి కారణాలు వెతకడం ఆయనకు చేతకాని పనా? బోర్డు మీదలాగే ఇక్కడా ఆమెది కొంచెం పైచేయే. కాపలా ఏమీ లేదు.

బాబాయి వైపు చూసింది. బాబాయి నేల చూస్తున్నాడు. భర్త వెనక వరసలో లేచి నిలబడ్డాడు. అంత దూరంనుంచి ఆయన మొహంలో ఏముందో తెలియలేదు.

"ఆట నడుస్తున్నప్పుడు నేను సార్ వైపు చూడలేదండీ," అంది ఆమె.

"ఆవిడ నా వైపు కూడా చూడలేదు," అన్నాడు ఫ్యూజు, తన శాఖ అధికారి గుడ్లురుముతున్నా లెక్కచేయకుండా. "తల ఎత్తితే ఒట్టు."

"మరి కెప్టెన్ అన్నది?"

మ్యాపులమ్మ ఆ ఒక్క క్షణంలో ఎదురుగా ఉన్న మంత్రిని చూసినప్పటికంటే ఎక్కువ ఆలోచించింది.

"సార్ ఉద్దేశం అది కాదండీ. పోటీకి ముందే ఆఫీసులో సమావేశం పెట్టి చెప్పారు. ఆధిక్యంలో ఉండి రాజు బయటపడితే మంత్రుల్ని మార్చెయ్యమన్నారు. ఆ సలహానే నేను పాటించాను. కళ్ళతో అన్నది మాటవరసకు."

ఆట మొదలుకాకముందు ఇచ్చిన సలహాలో తప్పులేదని ఆర్బిటరు ప్రకటించింది. ఫలితం నిలిచింది. కమిషనర్ పెద్దసారు చెయ్యి పట్టుకుని ఊపి, "ముందుచూపంటే ఇదీ" అన్నారు. కప్పు పెద్దసారు చేతికి వచ్చింది. ఫోటోలో ఆయన మధ్యలో, మ్యాపులమ్మ అంచున, మెడవరకే పడింది.

మెట్ల దగ్గర పెద్దసారు ఆమెను పక్కకు పిలిచారు. గొంతు తగ్గించి, "ఏమ్మా, ఆ మాట నేను ఎప్పుడు చెప్పాను?" అన్నారు.

"మొన్న సమావేశంలో సార్."

ఆయన కాసేపు పైకి చూశారు. "ఆ, అవును. చెప్పినట్టు గుర్తే. ఆటను బట్టి ఉంటుందని కూడా అన్నాను కదూ?"

"అన్నారు సార్."

"మంచిది. సోమవారం సంజాయిషీ అక్కర్లేదు. సర్క్యులర్ సవరిస్తాను. ఇకనుంచి అందరూ మంత్రుల్ని మార్చవలెను." ఆయన హుషారుగా మెట్లు దిగారు. ఆటను బట్టి అన్న ముక్క ఆయన నాలుగో మెట్టుకే మరిచిపోయినట్టున్నారు. బాబాయి పక్కనుంచి పోతూ ఆమె చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేశాడు.

భర్త గేటు దగ్గర స్కూటర్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. "మూడేళ్ళు! ఇక మూడేళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. పిల్లకి నేనే చెబుతా, నువ్వు చెప్పొద్దు."

"సరే, మీరే చెప్పండి," అంది ఆమె నవ్వుతూ.

స్కూటర్ వీధి మలుపు తిరిగింది. ఆయన వెనక్కి తిరిగి అరుస్తూ మాట్లాడుతున్నాడు. "ఏదేమైనా మీ సార్‌ని తక్కువ అంచనా వేశానోయ్. మా ఆఫీసులో అందరూ అదే మాట. ముందే ఊహించి చెప్పాడంటే మాటలా! నువ్వు కూడా బాగా గుర్తుపెట్టుకున్నావ్."

ఆమె వెనక సీటు మీద బిగుసుకుపోయింది. హాల్లో అందరూ నమ్మారు, నమ్మాలనే చెప్పింది. ఈయన కూడా నమ్ముతాడని ఎందుకో అనుకోలేదు.

"బండి ఆపండి."

"ఏమైంది?"

"ఆపండి."

ఆయన ఆపాడు. పక్కన ఎవరో కొట్టుకి తలుపులు దించుతున్నారు. ఆమె దిగి నిలబడింది.

"ఆ ఎత్తు నాదండీ. మా సార్‌ని పొగుడుతున్నారే, ఆయన మార్చొద్దని కాగితం అంటించాడు. నేను ఒక్కదాన్నే కూర్చుని లెక్కేసుకుని ఆడాను. ఏనుగుల ఆట ఎలా వస్తుందో, ఎదుటాయన కొట్టకపోతే ఏం చెయ్యాలో, అంతా చూసుకుని ఆడాను. అంత మంచి ఎత్తు నేను ఇంతవరకూ ఆడలేదు. బదిలీ తప్పడానికి అందరి ముందూ సార్‌కిచ్చేశాను."

ఆయన స్కూటర్ స్టాండు వేశాడు. హెల్మెట్ తీశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది ఆమెకు కనబడింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకు," అన్నాడు ధైర్యం చెబుతూ. "నేను ఎవరితోనూ అననులే. ఎక్కడా ఈ మాట పొక్కదు."

ఆమె తల ఊపి స్కూటర్ ఎక్కింది. ఆ ఎత్తు తనదని ఒక్కరికైనా ఆయన చెబితే బాగుండునని ఉంది ఆమెకు. ఆ మాట ఆయన్ని అడగలేక ఏడుపొచ్చింది.